ఫీజుకి బంగారం: అమ్మకి రాసిన ఉత్తరంలో అపోహలు - వాస్తవాలు

అమ్మా,

చెల్లి ఫీజుకి నీ రాళ్ల నెక్లెస్ అమ్ముదామని నేనంటే ఫోన్లో నువ్వు ఏడ్చావు, నాకు మాట రాలేదు. అందుకే రాస్తున్నాను. పదకొండేళ్లుగా బ్యాంకులో తాకట్టు నగలు గీటురాయి మీద గీసి చూసేది నేనే. చెల్లి నర్సింగ్ చివరి రెండేళ్లకి కావలసిన రెండు లక్షల గురించి ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

అపోహ: అమ్మితే పోతుంది, కుదువ పెడితే మనదే.

వడ్డీ కట్టే ఆదాయం ఉన్నంతవరకే అది మనది. పంట డబ్బులు నాలుగు నెలల్లో వస్తాయంటే కుదువ పెట్టమని నేనే చెప్పేవాణ్ణి. మనకి చెల్లి ఉద్యోగంలో చేరేదాకా, అంటే సుమారు మూడేళ్లు, కొత్తగా వచ్చేదేమీ లేదు. రెండు లక్షలకి నూటికి ఏడాదికి పది చొప్పున వేసుకున్నా మూడేళ్లకి అరవై వేలు వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. సాధారణంగా ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించాలి. అది కట్టలేక, వేలం నోటీసు వచ్చాక కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చిన తల్లుల్ని చూశాను. వాళ్లలో నిన్ను ఊహించుకోలేను.

అపోహ: పాతకాలపు బంగారం మేలిమి, ఎంత తూగితే అంత డబ్బు.

ఆ రాళ్ల నెక్లెస్ నాలుగు కాసులు, అంటే 32 గ్రాములు. రాళ్లు, వెనక లక్క తీస్తే 26 మిగులుతుందని నా అంచనా. హాల్‌మార్క్ లేని ఆ రోజుల్లో అతుకులకి వేరే లోహం ఎక్కువ కలిపేవారు, అందుకని నూటికి 84 పాళ్లే వస్తుందనుకుందాం. అప్పుడు అసలు బంగారం 21.84 గ్రాములు. లెక్కకి మేలిమి గ్రాము 10,900 అనుకుంటే సుమారు 2,38,000. కరిగించినందుకు కొంత తీసినా ఫీజుకి సరిపోతుంది.

అపోహ: అమ్మబోతే కొట్టువాడు మోసం చేస్తాడు.

చూడకపోతే చేస్తాడు. కొట్లో మేలిమి చూసే మిషన్ పైపొరనే చదువుతుంది కాబట్టి ఆ ఒక్క అంకె నమ్మకూడదు. రాళ్లు మన ముందే తీయించి, తూయించి, కరిగించాక ముద్దని మళ్లీ పరీక్ష చేయిస్తాను. ఒకసారి కరిగించాక వెనక్కి రాదు, అందుకే ముందు రెండు కొట్లలో ధర అడుగుతాను. తరుగు అనేది కొత్త నగ చేసేటప్పటి మాట. పాతది అమ్మేటప్పుడు ఆ పేరుతో కోస్తే లేచి వచ్చేస్తాను. డబ్బు నీ ఖాతాలోనే పడాలి, రసీదు నీ పేరునే ఉండాలి.

రేపు బంగారం పెరగదా అన్నావు. పెరగొచ్చు. అందుకే గాజులు, గొలుసు, అమ్మమ్మ కాసులపేరు ఉంచమంటున్నాను. కొక్కెం విరిగి పెట్టెలో పడున్న నెక్లెస్ ఒక్కటే అడుగుతున్నాను. అదీ నీది కాబట్టి నువ్వు ఒప్పుకుంటేనే.

శనివారం పొద్దున్న బస్సుకి వస్తాను. సరేనంటే దాన్ని బయటకి తీసి ఉంచు. పుస్తెలతాడు మాత్రం మెడలోంచి తీయకు.

నీ పెద్దోడు