కాన్పు ఏ జిల్లా ఖాతాలో పడుతుంది? నెలవారీ ఆరోగ్య నివేదికల్లో లెక్క తప్పే చోట్లు

ఒక జిల్లాలో ఆసుపత్రి కాన్పులు ఆ జిల్లాకు వేసిన కాన్పుల అంచనాలో 118 శాతమని, పక్క జిల్లాలో 71 శాతమేనని నివేదిక వచ్చిందనుకుందాం. సమీక్షలో మొదటివాళ్లకు మెప్పు, రెండోవాళ్లకు చీవాట్లు. నిజానికి ఆ తేడా చాలావరకు లెక్కకట్టే పద్ధతిలోనే పుట్టి ఉండొచ్చు.

1996 వరకు కుటుంబ నియంత్రణకు పైనుంచి లక్ష్యాలు వచ్చేవి. లక్ష్యం ఎంతో కాగితం మీద సాధన కూడా అంతే ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో లక్ష్యాలు ఎత్తేశారు గానీ, అంకెను పనితీరుకు కొలతగా చూసే అలవాటు పోలేదు. 2008 అక్టోబరులో కేంద్రం నెలవారీ ఆరోగ్య అంకెలు నమోదు చేసే హెచ్‌ఎంఐఎస్ పోర్టల్ తెచ్చింది. మొదట్లో అందులోకి జిల్లా మొత్తం ఒకే అంకెగా ఎక్కేది కాబట్టి తప్పు ఏ సబ్‌సెంటర్‌లో జరిగిందో తెలిసే దారి ఉండేది కాదు. 2011 ఏప్రిల్ నుంచి ఆసుపత్రుల వారీ నమోదు మొదలైంది. ఇప్పుడు మనం చేయగలిగే తనిఖీలన్నీ ఆ మార్పు వల్లే సాధ్యమయ్యాయి.

దాంతోపాటే ఒక చిక్కూ వచ్చింది. కాన్పు ఎక్కడ జరిగితే ఆ ఆసుపత్రే నివేదించాలి. కానీ ఏఎన్‌ఎం రిజిస్టర్ ఊరి మనుషులది. తన ఊరి గర్భిణి ఏరియా ఆసుపత్రిలో ప్రసవిస్తే ఏఎన్‌ఎం కూడా రాసుకుంటుంది, రాసుకోవాలి కూడా. అదే అంకె సబ్‌సెంటర్ నెలవారీ నివేదికలోకి ఎక్కితే ఒక్క కాన్పు రెండుసార్లు లెక్కకొస్తుంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన దగ్గర మామూలే. నమోదు అత్తగారి మండలంలో, కాన్పు పుట్టింటి జిల్లాలో జరిగితే ఒకచోట శాతం తగ్గి ఇంకోచోట పెరుగుతుంది. పెద్దాసుపత్రి ఉన్న జిల్లా 100 దాటడానికి ఈ రాకపోకలే చాలు.

ఇక హారం సంగతి. ఏటా ఎన్ని కాన్పులు జరగాలన్న అంచనా 2011 జనాభా లెక్కల మీద కట్టిందే. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత జిల్లా అంచనాను మండలాల వారీగా సరిగా పంచకపోతే కొత్త జిల్లా శాతానికి అర్థం ఉండదు. అందుకే జిల్లా విడిపోయిన ఏడాదికి ముందూ వెనుకా శాతాలను పోల్చకూడదు, అసలు అంకెలను పోల్చాలి.

తనిఖీ మొదలుపెట్టాల్సింది మాత్రం శాతాల దగ్గర కాదు, ఖాళీ గడుల దగ్గర. సున్నా అంటే ఆ నెల ఆ పని జరగలేదని. ఖాళీ అంటే జరిగిందో లేదో తెలియదని. ఆరు సబ్‌సెంటర్లున్న ఒక పీహెచ్‌సీని ఊహించుకుందాం. ఏడాదికి 72 నివేదికలు రావాలి, 66 వచ్చాయి, అంటే 92 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ వాటిలో ఐదింట్లో పెంటా-3 గడి, అంటే పిల్లలకు ఐదు జబ్బులు రాకుండా వేసే పెంటా టీకా మూడో మోతాదు గడి ఖాళీ. ఆ టీకా వరకు చూస్తే ఉన్నవి 61, అంటే 85 శాతమే.

ఈ 61 నివేదికల్లోనే పెంటా-1 మొత్తం 410, పెంటా-3 మొత్తం 432. ఆరో వారం టీకాకు వచ్చినవాళ్లకన్నా పద్నాలుగో వారం టీకాకు వచ్చినవాళ్లు ఎక్కువన్నమాట. వలస వచ్చిన పిల్లల వల్లో, ముందు నెలల బకాయి వల్లో కొద్దిపాటి తేడా రావచ్చు. ఏడాది మొత్తానికి ఇలా తేలితే మాత్రం సబ్‌సెంటర్ల వారీగా విడదీయాలి. ఒకచోట పెంటా-1 58 ఉంటే పెంటా-3 97 ఉంది. నెలల వారీగా చూస్తే మామూలుగా నాలుగైదు ఉండే అంకె ఆగస్టులో 44. పెంటా-3 ఇచ్చిన రోజే పోలియో మూడో మోతాదూ వేస్తారు, ఆ గడిలో 4 మాత్రమే ఉంది. రిజిస్టర్ తీస్తే నలుగురు పిల్లలే. ఎంట్రీలో మీట రెండుసార్లు పడింది. సరిదిద్దితే పెంటా-3 మొత్తం 392, మధ్యలో మానేసినవాళ్లు 4.4 శాతం.

ఇలాంటి పెద్ద అంకెను సగటుతో పట్టుకోవాలని చూడకండి, అది సగటునే పైకి లాగేస్తుంది. 12 నెలల అంకెలను వరుసలో పెట్టి మధ్యస్థ విలువతో పోల్చండి. కాన్పుల దగ్గర ఇంకా తేలికైన తనిఖీ ఉంది. సజీవ జననాలు, మృత జననాలు కలిపితే కాన్పులకు సమానంగానో, కవలల వల్ల కాస్త ఎక్కువగానో ఉండాలి. తక్కువైతే చాలాసార్లు మృత జననాలు వదిలేశారని అర్థం.

ఈ తనిఖీలు తెలిసిపోయాక అంకెలను సరిపెట్టేవాళ్లూ ఉంటారు. పన్నెండు నెలలూ పెంటా-3, పోలియో-3 ఒక్కటి కూడా తేడా లేకుండా ఉంటే, టీకా కొరత వచ్చిన నెలలోనూ అలాగే ఉంటే, అనుమానించాల్సిందే. అప్పుడు స్టాక్ రిజిస్టర్ తీయండి. పెంటా వయల్‌లో 10 డోసులు. నెలలో వాడిన వయల్స్‌ను పదితో గుణించి, ముందు నెల తెరిచి మిగిల్చిన డోసులు కలపండి. మూడు పెంటా మోతాదుల మొత్తం దాన్ని దాటడం అసాధ్యం.