చేతులు చిన్నవైతే ఇంటర్‌లాకే పట్టాలా? గోల్ఫ్ గ్రిప్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: చిన్న చేతులకు ఇంటర్‌లాక్ తప్ప గతి లేదు.

రేంజ్‌కి కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ ఈ మాట ఎవరో ఒకరు చెప్పే పంపిస్తారు. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్‌వి చిన్న చేతులు, ఆయన పట్టింది రెండు చేతుల వేళ్లూ పెనవేసే ఇంటర్‌లాక్, కాబట్టి మీరూ అదే పట్టాలట.

వాస్తవం: నిక్లాస్ సంగతి నిజమే. కానీ ఇంటర్‌లాక్ కుదరాలంటే చెయ్యి సైజు ఒక్కటే చూస్తే చాలదు, వేళ్ల పొడవు చూడాలి. కుడి చిటికెన వేలు, ఎడమ చూపుడు వేలు పెనవేసుకోవాలి కదా. పొట్టిగా, లావుగా ఉన్న వేళ్లవాళ్లు వాటిని మొదలంటా దూర్చేస్తారు. దాంతో హ్యాండిల్ వేళ్లలోంచి అరచేతిలోకి వెళ్లిపోతుంది. మణికట్టు బిగుసుకుంటుంది, దూరం తగ్గుతుంది. గ్లోవ్ మడమ దగ్గర, అంటే చిటికెన వేలి కింద అరచేతి చివర, చిల్లు పడుతోందంటే క్లబ్ అక్కడ జారుతున్నట్టే.

మా దగ్గరికి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగిని గ్లోవ్ సరిగ్గా అలాగే చిరిగింది. "సార్, ఈ ఆటకి నా చేతులు పనికిరావేమో" అన్నారు. పాపం, ఆ టెన్షన్ ఆవిడ తెచ్చిపెట్టుకున్నది కాదు, చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కించింది. ఎడమ చేత్తో మాత్రమే క్లబ్ పట్టుకోమన్నాను. మధ్య వేలు, ఉంగరపు వేలు హ్యాండిల్ చుట్టూ తిరిగి వచ్చి బొటనవేలి కింద కండను కొద్దిగా తాకాలి. ఆవిడ వేళ్లు అక్కడిదాకా రాలేదు. అవి అన్నయ్య ఇచ్చిన క్లబ్బులు, వాటి హ్యాండిళ్లకి తొడిగినవి మిడ్‌సైజ్ గ్రిప్పులు. స్టాండర్డ్ కంటే అంగుళంలో 16వ వంతు లావు. వినడానికి చిన్న తేడానే, చేతికి మాత్రం బాగా తెలుస్తుంది.

సెట్ మొత్తం మార్చొద్దని, ముందు 7 ఐరన్‌కి మాత్రం అండర్‌సైజ్ గ్రిప్ వేయించమన్నాను. వేళ్లు అందాయి. ఇక ఓవర్‌ల్యాప్ పట్టించి చూస్తే, ఎడమ చూపుడు, మధ్య వేళ్ల మధ్య గాడిలో ఆనాల్సిన కుడి చిటికెన వేలు స్వింగ్ మధ్యలో లేచిపోతోంది. పది వేళ్లూ హ్యాండిల్ మీదే ఉండే టెన్-ఫింగర్‌లో పట్టు నిలిచింది. ఇప్పటికీ ఆవిడ పట్టేది అదే. నేను పదే పదే చెప్పేది ఒక్కటే: రెండు చేతుల మధ్య సందు ఉండకూడదు. సందుంటే దేని దారి దానిది.

అపోహ: టెన్-ఫింగర్ పిల్లల పట్టు.
1959 మాస్టర్స్ గెలిచిన ఆర్ట్ వాల్ పట్టింది అదే. రూల్స్ కూడా దీన్ని ఎక్కడా కాదనవు.

అపోహ: ఓవర్‌ల్యాప్‌కి మారితే, బంతి కుడివైపుకి వంగిపోయే స్లైస్ పోతుంది.
పోదు. వేళ్లు ఎలా కలిశాయన్నది వేరు, చేతులు హ్యాండిల్ మీద ఎటు తిరిగి ఉన్నాయన్నది వేరు. కిందికి చూస్తే ఎడమ చేతి పిడికిలి కణుపు ఒక్కటే కనబడుతోందంటే, రెండో మూడో కనిపించేదాకా చెయ్యి కుడివైపుకి తిప్పండి. ఆ తర్వాత కూడా స్లైస్ అవుతుంటే స్వింగ్ దారి చూడాలి, వేళ్ల జోలికి పోవద్దు.