గోడ పగలగానే ఆట ఎందుకు నత్తనడక నడుస్తుంది: అపోహలు, వాస్తవాలు

"అన్నా, ముక్కలు మూడు వందల నుంచి నూట యాభైకి తగ్గించాను. అయినా ఆట ఆగి ఆగి నడుస్తోంది." ఈ మాటతో నా దగ్గరికి రాని నెల లేదు. వచ్చిన వాళ్ల ముఖాలు పాలిపోయి ఉంటాయి, మర్నాడే బిల్డ్ ఇవ్వాలి కాబట్టి. వాళ్ల మీద నాకు కోపం లేదు. "ముక్కలు తగ్గిస్తే చాలు" అని వాళ్ల చెవిన వేసిన వాళ్ల మీదే ఉంది.

అపోహ: ముక్కల సంఖ్యే భారం.

వాస్తవం: భారమంతా ఒకే సమయంలో మెలకువగా ఉండి, ఒకదాన్నొకటి తాకుతున్న ముక్కలది. కదలక ఆగిపోయిన ముక్కను ఇంజన్ లెక్కలోంచి పక్కన పెడుతుంది, దాన్నే నిద్ర అంటాం. నిద్రపోయిన ముక్క ఫిజిక్స్ ఇంజన్‌కు దాదాపు ఉచితం.

ఈ మధ్య మా జట్టులో కుర్రవాడు యూనిటీలో చేసిన గోడనే తీసుకుందాం. బ్లెండర్‌లో సెల్ ఫ్రాక్చర్‌తో దాన్ని 300 ముక్కలు చేశాడు. ఇనుప గుండు తగలగానే అన్ని ముక్కలకూ, వాటిని ఫిజిక్స్ కదిలించకుండా ఆపి ఉంచే `isKinematic` తీసేసి వదిలేశాడు. ముక్కలు గాలిలో ఎగురుతున్నంతసేపు ఆట బాగానే నడిచింది. కింద పడి కుప్ప అయ్యాకే కుంటడం మొదలైంది. కారణం సులువే. ఎగిరే ముక్క దేన్నీ తాకదు. కుప్పలో ఒక్కో ముక్క ఆరు పొరుగు ముక్కలను తాకుతుందనుకుంటే 900 జతలు అవుతాయి. జతకు నాలుగు స్పర్శ బిందువులనుకుంటే 3,600. ముక్కలు ఒకదానిలోకి ఒకటి దూరకుండా చూసే సాల్వర్ వాటన్నిటినీ ఫిజిక్స్ లెక్క వేసే ప్రతి అడుగులోనూ ఆరుసార్లు సవరిస్తుంది, యూనిటీలో మామూలుగా ఉండే అంకె అదే.

"కుప్ప కదలడం లేదు కదా అన్నా" అన్నాడు. కంటికి కదలదు. లెక్కపెట్టి చూడమన్నాను:

```csharp
int awake = 0;
foreach (var rb in pieces)
    if (!rb.IsSleeping()) awake++;
Debug.Log(awake);
```

పది సెకన్ల తర్వాత కూడా దాదాపు అన్నీ మెలకువగానే ఉన్నాయి. ఒకదాన్నొకటి తాకుతున్న ముక్కలన్నిటినీ ఇంజన్ ఒకే గుంపుగా చూస్తుంది. ఆ గుంపులో ఒక్కటి కదిలినా మిగతావి నిద్రపోలేవు. పెళ్లింట్లో అందరూ పడుకున్న గదిలో ఒక పసివాడు ఏడుస్తున్నట్టే. ఇక్కడ పసివాళ్లు ఎవరంటే గోడ అంచుల్లో పుట్టిన సన్నని, పొడవాటి పెచ్చులు. అవి సరిగ్గా కూర్చోలేక అటూ ఇటూ వణుకుతూ ఉంటాయి. ముక్కలు సగానికి తగ్గించినా ఈ పెచ్చులు మిగిలితే కుప్ప మెలకువగానే ఉంటుంది. ముక్కలు తగ్గించి నా దగ్గరికి వచ్చేవాళ్లకు జరిగేది అదే.

దీనిపైన ఇంకో దెబ్బ. ఒక ఫిజిక్స్ అడుగుకూ మరో అడుగుకూ మధ్య ఆట సమయం `Fixed Timestep`. అది మామూలుగా 0.02, అంటే 20 మిల్లీసెకన్లు. ఒక్క అడుగు లెక్కకే 25 మిల్లీసెకన్లు పడితే, వెనకబడిన సమయాన్ని అందుకోవడానికి ఇంజన్ తర్వాతి ఫ్రేములో రెండు అడుగులు వేస్తుంది, ఆ తర్వాత ఇంకా ఎక్కువ. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. అందుకే ఆట మెల్లగా మందగించదు, ఒక్కసారిగా కూలబడుతుంది.

అప్పుడు చాలామంది, ముక్క ఎంత నెమ్మదిస్తే నిద్రపోవచ్చో చెప్పే `sleepThreshold` పెంచేస్తారు. దాని మామూలు విలువ 0.005, అంటే సుమారు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగం. మరీ పెంచితే ఒరిగి పడబోతున్న ముక్క మధ్యలోనే బిగుసుకుపోతుంది. చూసేవాళ్లు నవ్వుతారు.

మేము చేసింది వేరు. గుండు తగిలిన చోట 80 సెంటీమీటర్ల లోపలి ముక్కలనే వదిలాం. మిగిలిన వాటిలో ఏవి వేటిని ఆనుకుని నేల దాకా వస్తున్నాయో చూసి, ఆధారం పోయిన భాగాన్ని విడివిడి ముక్కలుగా కాక ఒకే `Rigidbody` కింద ఒక పెద్ద గడ్డగా పడనిచ్చాం. పిడికిలి కంటే చిన్న పెచ్చులను వేరే లేయర్‌లో పెట్టి, అవి నేలను మాత్రమే తాకేలా చేశాం. ఒకదాన్నొకటి తాకవు కాబట్టి ఏ పెచ్చుకు ఆ పెచ్చు నిద్రపోతుంది. ఒకదానిలోంచి ఒకటి దూరుతుంది నిజమే, దుమ్ములో ఎవరూ గమనించలేదు. నిద్రపోయిన పెచ్చును మూడు సెకన్లకు చిన్నది చేస్తూ తీసేశాం. గోడ 300 ముక్కల గోడే. మెలకువ లెక్క మాత్రం నాలుగైదు సెకన్లలో సున్నాకు దిగింది.

అపోహ: పగిలిన వైపు గరుకుగా ఉంటే ఫిజిక్స్ బరువెక్కుతుంది. లేదు. ఫిజిక్స్ చూసేది కంటికి కనిపించే ఆకారాన్ని కాదు, కొలైడర్‌ని. కొలైడర్ నునుపుగానే ఉంచండి, గరుకు కంటికి మాత్రమే.

అపోహ: ఆట నడుస్తుండగా కోస్తేనే సహజంగా ఉంటుంది. ముందే కోసిపెట్టుకోండి. చాలా ఆటల్లో తేడా ఎవరికీ తెలియదు.

అపోహ: ముక్కలు వదలగానే పేలిపోతున్నాయంటే బలం ఎక్కువైంది. ఇది కుండల దగ్గర వస్తుంది. నిండు గోడను, చల్లిన బిందువుల్లో ఏది దగ్గరైతే దాని ముక్కగా విడదీసే వొరొనోయ్ పద్ధతిలో కోస్తే ప్రతి ముక్కా ఉబ్బెత్తుగానే వస్తుంది. కుండ పెంకు వంపు తిరిగినది. దానికి ఎక్కడా లోపలికి వంగని కాన్వెక్స్ కొలైడర్ పెడితే వంపు లోపలి ఖాళీ కూడా నిండిపోయి, పక్క పెంకులోకి దూరుతుంది. వదిలిన మొదటి అడుగులోనే ఇంజన్ రెండింటినీ విడదీయబోయి విసిరికొడుతుంది. గుండు లేకుండా కుండను ఊరికే వదిలి చూడండి. అయినా పేలితే కొలైడర్లదే తప్పు. వాటిని కాస్త కుదించండి, లేదా పెంకులను ఇంకా చిన్నవిగా కోయండి.