దసరా పేజీలో ఏడాది మార్చడంపై తగవు: 2022లో అసలు మారింది ఏమిటి?

2025 దసరాకు ముందు గుంటూరు నుంచి ఒక తల్లి మా వెబ్ డెస్కుకు ఫోన్ చేశారు. అక్టోబరు 2న మూలానక్షత్రమనీ, ఆ రోజు ఇంద్రకీలాద్రిపై అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తారనీ మా పేజీలో చదివారట. పాపను తీసుకుని రావడానికి రైళ్లు చూసుకుంటున్నారు. 2025లో మూలానక్షత్రం సెప్టెంబరు 29న. అక్టోబరు 2 విజయదశమి, ఆ రోజు అలంకారం రాజరాజేశ్వరీదేవిది. అయినా ఆవిడ చదివిన తేదీని ఎవరూ తప్పుగా రాయలేదు. 2022లో మూలానక్షత్రం సరిగ్గా అక్టోబరు 2నే వచ్చింది. మూడేళ్ల కిందటి పట్టిక ఇంకా ఆ పేజీలోనే కూర్చుని ఉంది.

ఆ ఫోనుతో డెస్కులో పాత తగవు మళ్లీ రాజుకుంది. ఏటా పనికొచ్చే ఈ కథనానికి శీర్షికలో ఏడాది మార్చాలా, వద్దా? "2022లో శీర్షిక మార్చాం, గూగుల్‌లో ర్యాంకు పోయింది, మళ్లీ ఆ తప్పు చేయొద్దు" అని ఒక వర్గం. "పాతదాని జోలికి పోవద్దు, ఏటా కొత్త పేజీ రాద్దాం" అని ఇంకొకరు. ఇద్దరూ 2022నే సాక్ష్యంగా చూపిస్తున్నారు కాబట్టి ఆ ఏడాది ఏం జరిగిందో చూడాలి. అంతకుముందు కథనం ఎలా పుట్టింది, ఎలా పైకి వచ్చింది అన్నది డెస్కులో అందరికీ తెలిసిందే.

2022 దసరా సెప్టెంబరు 26న మొదలైంది. దానికి రెండు వారాల ముందు ఒక సబ్ ఎడిటర్ శీర్షికలో 2021 తీసి 2022 పెట్టారు, అలంకారాల పట్టికలో తేదీలు మార్చారు. అంతవరకూ మామూలు పనే, ముందు ఏళ్లలోనూ అలాగే చేశారు. వారం తర్వాత మరొకరికి లింకు చూసి వెలితి అనిపించింది. శీర్షికలో ఏడాది ఉన్నప్పుడు లింకులోనూ ఉంటే బాగుంటుందని లింకు చివర ఉండే పేరును, అంటే స్లగ్‌ను మార్చారు. మొదటిది పాత చిరునామా, రెండోది కొత్తది:

```
/vijayawada-dasara-alankaralu/
/vijayawada-dasara-alankaralu-2022/
```

దీనివల్ల కూడా వెంటనే కొంప మునగలేదు. ప్రచురించిన కథనం స్లగ్ మారిస్తే మా సైటును నడిపే వర్డ్‌ప్రెస్ పాత స్లగ్‌ను `_wp_old_slug` అనే పేరుతో దాచుకుంటుంది. ఎవరైనా పాత లింకు నొక్కితే వారిని కొత్త చోటికి పంపుతుంది. పాఠకుడికి తేడా తెలియదు. గూగుల్‌కు శాశ్వతంగా మారిందన్న సంకేతం, అంటే 301, వెళుతుంది. ఇలాంటి మళ్లింపు నిలిచి ఉన్నంతకాలం పాత లింకులకు ఉన్న విలువ కొత్త చిరునామాకు చేరుతుంది.

కానీ ఈ ఏర్పాటులో ఒక షరతు ఉంది. పాత చిరునామాలో ఏమీ దొరకనప్పుడే వర్డ్‌ప్రెస్ ఈ మళ్లింపు కోసం వెతుకుతుంది. అక్కడ వేరే కథనం ఉంటే దాన్నే చూపిస్తుంది, వెతకదు. ఇల్లు మారినవారి ఉత్తరాలను తపాలా మనిషి కొత్త ఇంటికి చేరుస్తున్నంతవరకూ ఇబ్బంది లేదు. పాత ఇంట్లో అదే పేరుతో మరొకరు దిగితే ఉత్తరాలన్నీ వారికే అందుతాయి. మా దగ్గర అదే జరిగింది. స్లగ్ మారిన మూడో రోజున దసరా ట్రాఫిక్ మళ్లింపులపై నాలుగు పేరాల వార్త ఒకటి వచ్చింది. ఖాళీగా ఉన్న చక్కటి చిరునామా కదా అని రాత్రి డ్యూటీలో ఉన్నవారు పాత స్లగ్‌ను దానికి ఇచ్చేశారు. వర్డ్‌ప్రెస్ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే దాని లెక్కలో ఆ పేరు ఎవరిదీ కాదు.

అప్పటికి నాలుగేళ్లుగా బయటి సైట్లు ఇచ్చిన లింకులు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినవి, మా పాత కథనాల్లోంచి ఇచ్చినవి అన్నీ ఆ రాత్రి నుంచి ట్రాఫిక్ వార్త మీద వాలాయి. అలంకారాల కోసం వెతికినవారికి పార్కింగ్ స్థలాల జాబితా కనిపించింది. అసలు కథనం కొత్త చిరునామాలో, వెనుక ఏ బలమూ లేకుండా, కొత్త పేజీలా మొదటి నుంచి మొదలైంది. పండుగ రోజుల్లో గూగుల్ ఫలితాల రెండో పేజీకి జారిపోయింది. డెస్కుకు మాత్రం గుర్తున్నది ఒక్కటే: "శీర్షిక మార్చాం, పడిపోయింది."

ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆనవాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. గూగుల్ ఫలితాల్లో మన పేజీ ఎంత కనిపించిందో, ఎందరు నొక్కారో చూపే సెర్చ్ కన్సోల్‌లో పదహారు నెలల లెక్కలే ఉంటాయి కాబట్టి 2022 అందులో దొరకదు. అదృష్టవశాత్తు అప్పట్లో ఒకరు ఆ నెల నివేదికను దించుకుని దాచారు. వర్డ్‌ప్రెస్ పాత ప్రతుల్లో శీర్షిక ఎప్పుడు మారిందో ఉంది. ట్రాఫిక్ వార్త ప్రచురణ వేళ దాని మీదే ఉంది. మూడూ పక్కపక్కన పెడితే విషయం తేలిపోతుంది. శీర్షిక మారిన తర్వాత వారం రోజులు పేజీ స్థానం కదలలేదు, క్లిక్కులు కాస్త పెరిగాయి కూడా. ట్రాఫిక్ వార్త వచ్చిన రెండు రోజులకు అలంకారాల కోసం గూగుల్‌లో అడిగే ప్రశ్నలకు అసలు పేజీ కనిపించడం తగ్గి, అవే ప్రశ్నలకు పాత చిరునామా ఎక్కడో అడుగున కనిపించడం మొదలైంది. శీర్షిక బాగోలేకపోతే కనిపించడం అంతే ఉండి నొక్కేవారు తగ్గుతారు. ఒకే ప్రశ్నకు వచ్చే చిరునామా మారిపోయిందంటే లోపం చిరునామాలో ఉన్నట్టు. నివేదికను పేజీల వారీగా విడదీసి చూడకుండా మొత్తం క్లిక్కుల గీత ఒక్కటే చూస్తే ఈ రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి.

ఆ తర్వాత వచ్చిన నియమమే నేటి గొడవకు మూలం. "ఈ పేజీ శీర్షిక ఎవరూ ముట్టవద్దు." ముట్టలేదు. పైన కనిపించే హెడ్డింగు మాత్రం ఏటా మార్చారు, ఒక కొత్త పేరా అతికించారు, కింద పట్టిక వదిలేశారు. బ్రౌజర్ ట్యాబులో, గూగుల్ చదివే శీర్షిక ట్యాగులో "2022: పది రోజులు, పది రూపాలు" అనే ఉండిపోయింది. ఈసారి ఉత్సవాలు పదకొండు రోజులు, కాత్యాయనీదేవి అలంకారం అదనంగా వచ్చింది. ఏడాదితో పాటు "పది" కూడా పాతబడింది. శీర్షికలోని అంకె కూడా ఒక రకం తేదీయేనని ఎవరికీ తట్టలేదు.

ఇక్కడ గూగుల్ పద్ధతి కూడా కాస్త తెలియాలి. ఫలితాల్లో చూపే శీర్షికను ఎంచుకునే విధానాన్ని అది 2021 ఆగస్టులో మార్చింది. ఎక్కువసార్లు మనం ఇచ్చిన శీర్షికనే వాడుతుంది. అది పాతబడిందని తోస్తే పేజీలో కనిపించే హెడ్డింగును తీసుకోవచ్చు. ఏటా ఒకే పేజీ వాడుతూ శీర్షికలో ఏడాది మార్చడం మరిచిపోవడాన్ని దాని మార్గదర్శకాలే ఉదాహరణగా చెబుతాయి. మా విషయంలో గుంటూరు పాఠకురాలికి ఫలితాల్లో పైన 2025 అని కనిపించింది, కింద సంక్షిప్త వాక్యంగా పాత పట్టికలోని "అక్టోబరు 2, మూలానక్షత్రం" వచ్చింది. రెండూ మా పేజీలోవే. శీర్షికను ముట్టకపోవడం వల్ల పేజీ భద్రంగా ఉందనుకున్నాం కానీ, అది సగం ఈ ఏడాదిలో, సగం 2022లో ఉండిపోయింది.

కొత్త పేజీ రాద్దామనేవారి మాటలోనూ ఒక న్యాయం ఉంది. 2021లో ఒకరు పేజీ అంతటా 2020ని వెతికి ఒక్క దెబ్బతో 2021గా మార్చేశారు. 2020 అక్టోబరు 21న, మూలానక్షత్రం నాడే, కొండచరియలు విరిగిపడిన సంగతి ఆ కథనంలో ఉంది. మార్పు తర్వాత ఆ ప్రమాదం 2021లో జరిగినట్టయింది. ఏ ఏటి పేజీ ఆ ఏటికే ఉంటే ఈ పొరపాటు రాదని వారి వాదన. నిజమే. కానీ ఏటా కొత్త పేజీ అంటే ఏటా సున్నా నుంచి మొదలు. పైగా నిరుటి పేజీ పండుగ రోజుల్లో కొత్తదానికి పోటీ వస్తుంది, అప్పుడు కూడా పాత తేదీ చూసి బయలుదేరేవారు ఉంటారు.

ఈసారి చేస్తున్న పని ఇది. ముందుగా పేజీలోని ఏడాది అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి రెండుగా విడదీశాం. పండుగతో పాటు మారేవి ఒక పక్క: శీర్షిక, హెడ్డింగు, సంక్షిప్త వివరణ, పట్టిక, పోస్టరు మీది అక్షరాలు, రోజుల సంఖ్య. చరిత్రకు చెందినవి ఇంకో పక్క: 2020 కొండచరియలు, 2016 కృష్ణా పుష్కరాలు. రెండో పక్కవాటిని ముట్టలేదు. మొదటి పక్కవాటిని ఒక్కొక్కటిగా చేత్తోనే మార్చాం. శీర్షిక మొదట్లో ఉన్న "విజయవాడ ఇంద్రకీలాద్రి దసరా అలంకారాలు" అనే మాటలు అలాగే ఉంచాం, జనం వెతికేది వాటితోనే. ఆ తర్వాత "2022: పది రోజులు, పది రూపాలు" పోయి "2025: పదకొండు రోజుల్లో ఏ రోజు ఏ రూపం" వచ్చింది. 2022 పట్టికను చెరిపేయకుండా పేజీ అడుగున "గత ఏళ్ల తేదీలు" అన్న చోటికి దించి, ప్రతి తేదీ పక్కనా ఏడాది రాశాం.

పైన కనిపించే తాజా తేదీ విషయంలో కొంత వాదన జరిగింది. లోపల ఏమీ మార్చకుండా తేదీ మాత్రం తాజాగా చూపించవద్దని గూగుల్ స్పష్టంగానే చెబుతుంది. ఈసారి పట్టిక మొత్తం మారింది, కొత్త అలంకారం వివరం చేరింది కాబట్టి సవరించిన తేదీ వేయడం సబబే. కనిపించే తేదీ, పేజీ కోడులోని `dateModified` రెండూ ఒకటే అయ్యేలా చూశాం. `datePublished`ను కదపలేదు.

మిగిలింది చిరునామా. పాత స్లగ్‌ను అసలు కథనానికి తిరిగి ఇవ్వాలన్నదానిపై ఇప్పుడు పెద్దగా తగవు లేదు, ఎప్పుడన్నదానిపైనే ఉంది. ఇప్పుడే మారిస్తే గూగుల్ కొత్త మళ్లింపును గుర్తించి సర్దుకునే రోజులు సరిగ్గా పండుగలో పడతాయి. అందుకే విజయదశమి దాటాక ముందు ట్రాఫిక్ వార్త స్లగ్ మారుతుంది, వెంటనే అసలు కథనం దాని పాత చోటికి వస్తుంది. 2022 అని ఉన్న చిరునామా నుంచి మళ్లింపు దానంతట అదే ఏర్పడుతుంది. మళ్లింపులను కనీసం ఏడాది ఉంచమంటారు. ఈ పేజీకి జనం వచ్చేదే ఏడాదికోసారి కాబట్టి మేము తీసే ఆలోచనే పెట్టుకోలేదు. ఖాళీ అయిన ఆ 2022 స్లగ్‌ను మరే వార్తకూ ఇవ్వరాదని రాత్రి డ్యూటీ పుస్తకంలో రాసి పెట్టాం. రాసింది, మూడేళ్ల కిందట ట్రాఫిక్ వార్త పెట్టినవారే.