తెల్ల గుర్రం రంగు మూతి దగ్గర తెలుస్తుంది

తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఏనుగులతో పాటు గుర్రాలూ నడుస్తాయి. మాడ వీధిలో రాత్రి తీసిన ఫోటోలో ఒక గుర్రం లేత పసుపుగా కనిపించిందనుకుందాం. ముందు అదే ఫోటోలో తెల్ల పంచె కట్టుకున్న మనిషిని వెతకండి. పంచె కూడా అంతే పసుపుగా ఉంటే ఆ రంగు దీపాలది. గుర్రం వెంట్రుకలు తెల్లవే.

అయినా అది పుట్టు తెలుపని అప్పుడే అనకూడదు. ఫోటోను పెద్దది చేసి ముక్కుపుటాలు, పెదవులు, కళ్ల చుట్టూ చూడండి. అక్కడ వెంట్రుకలు పలచన, చర్మం బయటపడుతుంది. చర్మం నల్లగా ఉంటే అది గ్రే. పుట్టినప్పుడు ఎర్రగానో నల్లగానో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడిన గుర్రమన్నమాట. ఎస్‌టీఎక్స్17 అనే జన్యువులో 4,600 డీఎన్‌ఏ అక్షరాల ముక్క రెండుసార్లు పడడమే దీనికి కారణమని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. వెంట్రుకల కుదుళ్లలో రంగు అయిపోతుంది, చర్మంలో మాత్రం నిలిచే ఉంటుంది.

చర్మం ఒళ్లంతా గులాబీగా ఉండి, కళ్లు నీలంగా, వెంట్రుకలు మీగడ రంగులో ఉంటే అది క్రెమెల్లో. ఇక్కడే చాలామంది పొరబడతారు. నుదుటి నుంచి మూతి దాకా తెల్ల పట్టీ ఉన్న గ్రేకి కూడా ముక్కు మీద గులాబీ చర్మమే ఉంటుంది. అందుకే ముక్కు ఒక్కటే చూసి తేల్చకుండా కళ్ల చుట్టూ కూడా చూడాలి. పీబాల్డ్, అంటే నలుపు తెలుపు మచ్చల గుర్రం, గ్రే అయితే మరీ చిక్కు. నల్ల మచ్చలు తెల్లబడిపోయి పాత ఫోటోకీ కొత్త ఫోటోకీ పోలికే ఉండదు. అలాంటి గుర్రానికి స్నానం చేయిస్తున్న ఫోటో దొరికితే అదృష్టమే. తడిసిన వెంట్రుకల కింద చర్మంలో పాత మచ్చల హద్దులు స్పష్టంగా కనిపిస్తాయి.

ఎర్ర గుర్రాల్లో తేడా సులువు. జూలు, తోక, కాళ్ల కింది భాగం నల్లగా ఉంటే బే. జూలు కూడా ఒంటి రంగులోనో ఇంకా లేతగానో ఉంటే చెస్ట్‌నట్. ఊరేగింపులో జూలును అలంకరణ కప్పేస్తుంది, కాళ్లకు తెల్ల మచ్చలుంటే నలుపు దాగిపోతుంది. అప్పుడు చెవుల అంచులు చూడండి, బే గుర్రానికి అక్కడ నల్ల గీత ఉంటుంది. చిత్తూరు ఎండకు వెలిసిన నల్ల గుర్రం గోధుమ రంగుకు తిరిగి బేలా కనిపించవచ్చు. దాని మూతి మాత్రం నల్లగానే ఉంటుంది.

రంగును బట్టి జాతి చెప్పడం కుదరదు, గ్రే ఎన్నో జాతుల్లో ఉంది. ఫోటోలో జాతిని పట్టిచ్చేది చెవులే. కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతుంటే మార్వారీ లేదా కథియావారీ రక్తం ఉన్నట్టే. ఆ రెండింటినీ ఒక్క ఫోటోతో విడదీయలేం. గుర్రం చెవులు వెనక్కి వాల్చి ఉంటే వంపు కనపడదు. ఎదురుగా నిలబడి, చెవులు నిక్కపొడుచుకున్నప్పుడు తీసిన ఫోటో కావాలి.