నలుగురు కలిసి ఒక్క గాంధారం

మా క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు పార్టు, పాడేది నలుగురం. ఒక క్రిస్మస్ ప్రాక్టీసులో మాస్టారు మిగతా పార్టులన్నీ ఆపించి, మా నలుగురిచేత ఒక్క స్వరం పట్టించారు. ఎవరికి వాళ్లం బాగానే పాడుతున్నాం అనుకున్నాం. కలిపి వింటే మాత్రం తిరిగే ఫ్యాను ముందు నోరు పెట్టి పాడినట్టు ఏదో వణుకు. "వణుకుతోంది మీ గొంతులు కాదమ్మా, వాటి మధ్య తేడా" అన్నారాయన.

అది నిజం. మేం పడుతున్న స్వరం సెకనుకు సుమారు 325 కంపనాలది. ఒకరు 325 దగ్గర, పక్కనామె 328 దగ్గర పాడితే రెండు ధ్వని తరంగాలూ కాసేపు కలిసి నడుస్తాయి, కాసేపు ఎదురు పడతాయి. కలిసినప్పుడు శబ్దం పెరుగుతుంది, ఎదురుపడితే తగ్గుతుంది. ఈ ఎగుడుదిగుడు సెకనుకు మూడుసార్లు వస్తుంది, అంటే సరిగ్గా రెంటికీ ఉన్న తేడా అంత. వీటిని విస్పందనాలు అంటారు. శ్రుతి దగ్గరపడేకొద్దీ అవి నెమ్మదిస్తాయి, కలిసిపోతే మాయమవుతాయి. వీణ తీగ సవరించేవాళ్లు వినేది కూడా దీన్నే.

నలుగురు ఒకేసారి పాడితే ఆరు జతలు. ఎవరి తేడా ఎవరితోనో చెవికి అంతుపట్టదు. అందుకే మాస్టారు ముందు ఇద్దరితో మొదలుపెట్టారు, వణుకు తగ్గాక మూడో ఆమెను, తర్వాత నన్ను కలిపారు. అదీ "ఊ" అచ్చు మీదే. గొంతులో మూలస్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల అనుస్వరాలు కూడా పలుకుతాయి. అడుగున మూడు విస్పందనాలుంటే నాలుగో అనుస్వరం దగ్గర అవి పన్నెండవుతాయి. "ఊ"లో పై అనుస్వరాలు బలహీనం కాబట్టి పని తేలిక. "ఆ"కో "ఈ"కో నోరు తెరవగానే అవి బలంగా వినిపిస్తాయి, తప్పు బయటపడుతుంది.

చిక్కేమిటంటే, శ్రుతి కలిసినా అచ్చు కలవకపోతే చెవి మోసపోతుంది. "దేవా" అన్నప్పుడు ఒకరు పెదాలు సాగదీసి "ఏ" అంటారు, ఇంకొకరు నోరు గుండ్రంగా పెట్టి అంటారు. ఒకే స్వరం రెండు స్వరాల్లా తోస్తుంది. అలాంటప్పుడు "నువ్వు తక్కువ పాడుతున్నావ్" అనడం అన్యాయం. మా ప్రాక్టీసుల్లో సగం గొడవలు ఇలాంటివే. కర్ణాటక సంగీతం నేర్చుకున్న మా ఒకామెకు ఇంకో ఇబ్బంది, గమకం లేకుండా స్వరాన్ని నిలపడం.

మరి ఎంత దగ్గరగా పాడితే చాలు? అర స్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కోటి ఒక సెంటు. పైన చెప్పిన 325, 328 మధ్య తేడా సుమారు 16 సెంట్లు. స్వీడన్ పరిశోధకుడు స్టెన్ టెర్న్‌స్ట్రోమ్ కృత్రిమ బృందగానం వినిపించి నిపుణుల చెవిని పరీక్షించాడు. ఒక పార్టులో గొంతుల చెదురు సగటున 14 సెంట్ల దాకా ఉన్నా ఓర్చుకున్నారు, ఎంచుకోమంటే మాత్రం చెదురు లేనిదాన్నో, చాలా తక్కువ ఉన్నదాన్నో ఎంచుకున్నారు. మనుషుల గొంతుల్లో పూర్తి సున్నా కుదరదు. ఆ మిగిలిన కాస్త చెదురు వల్లే ఇరవైమంది గుంపు ఒక్క పెద్ద గొంతులా కాకుండా గుంపులా వినిపిస్తుంది.

ఇప్పుడు అడుగున ఉండే బాస్ నుంచి అన్నిటికంటే పైనుండే సోప్రానో దాకా నాలుగు పార్టులూ కలుపుదాం. బాస్ షడ్జం 130, టెనార్ పంచమం 195, ఆల్టో గాంధారం 325, సోప్రానో పై షడ్జం 520 అనుకోండి. బాస్ స్వరానికి ఐదో అనుస్వరం 650. మా 325కి రెండో అనుస్వరమూ 650. రెండూ ఒకచోట కూర్చుంటాయి. తంబురాలో మంద్ర షడ్జం మీటినప్పుడు దానంతట అదే పలికే గాంధారం, స్వయంభూ గాంధారం అంటాం చూడండి, అది కూడా ఈ ఐదో అనుస్వరమే.

కీబోర్డ్ గాంధారం అది కాదు. అన్ని శ్రుతుల్లోనూ వాయించడానికి వీలుగా అందులో పన్నెండు మెట్లూ సమానంగా పంచారు. దాంతో గాంధారం 327.6 దగ్గరికి, అంటే దాదాపు 14 సెంట్లు పైకి జరిగింది. రెండో అనుస్వరం 655.2 అవుతుంది. బాస్ 650తో సెకనుకు ఐదు విస్పందనాలు. కీబోర్డ్‌తో కచ్చితంగా కలిపి పాడుతున్న ఆల్టో, బాస్‌తో మాత్రం కలవదన్నమాట! పోనీ అచ్చమైన గాంధారమే పాడదామంటే, కీబోర్డ్ మోగుతున్నంతసేపూ దానితో తగాదా. వాద్యం లేకుండా పాడినా, ఒకేసారి పలికే ప్రతి స్వరాల కూర్పులోనూ అచ్చమైన అంతరాల కోసమే పట్టుబడితే, ఆ కూర్పులు వచ్చే కొన్ని వరసల్లో పాట మొత్తం కొద్దికొద్దిగా కిందికి జారుతుంది.

మాస్టారు దీనికి ఒక రాజీ మార్గం పెట్టారు. పాటంతా కీబోర్డ్‌నే నమ్ముతాం. చివరి "ఆమేన్" రాగానే ఆయన కీబోర్డ్ వాయించే అబ్బాయి వైపు అరచేయి చూపిస్తారు, అతను ఆపేస్తాడు. బాస్ వాళ్ల షడ్జం ఒక్కటే నేల మీద పరిచినట్టు వినిపిస్తుంది. అప్పుడు మా నలుగురం గాంధారాన్ని వెంట్రుకవాసి దించుతాం.