ఫోను పక్కన పెట్టాక ఏం మిగిలింది?

పర్లాకిమిడిలో టూవీలర్ షెడ్డు నడిపే ఒక పాఠకుడు ఇలా అడిగారు: "ఇన్నేళ్ళూ కార్బురేటర్ మీద బతికాను. ఇప్పుడొచ్చేవన్నీ ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే ఎఫ్ఐ బళ్ళే. రాత్రిపూట ఒకే వీడియో రెండు మూడు సార్లు చూస్తాను, అంతా అర్థమవుతుంది. పొద్దున్న బండి ముందు కూర్చుంటే బుర్ర ఖాళీ. ఈ వయసులో ఇక చదువు ఎక్కదంటారా?"

తప్పు వయసుది కాదు, చూసిందే మళ్ళీ చూడటంలో ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చక్కగా పరీక్షించారు. విద్యార్థుల చేత చిన్న చిన్న పాఠాలు చదివించారు. ఒక పద్ధతిలో అదే పాఠం రెండోసారి చదవాలి. ఇంకో పద్ధతిలో ఒక్కసారి చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాయాలి. అయిదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినప్పుడే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రెండో పద్ధతిలో 75. వారం గడిచాక లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివింది 42 శాతానికి పడిపోయింది, చదివి రాసింది 56 దగ్గర నిలబడింది.

నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యం కలిగించేది ఆ మొదటి అయిదు నిమిషాలే. మనం పొరపడేది అక్కడే. బండి వెనక సీట్లో కూర్చుని పాతపట్నం మీదుగా టెక్కలి ఎన్నిసార్లు వెళ్ళినా దారి తెలిసినట్టే ఉంటుంది, ప్రతి మలుపూ చూసిందే కదా. ఒకరోజు హ్యాండిల్ మన చేతికొస్తే మొదటి జంక్షన్‌లోనే ఆగిపోతాం. కళ్ళ ముందున్నదాన్ని గుర్తుపట్టడం వేరు, ఏ ఆధారమూ లేకుండా లోపలి నుంచి బయటికి తీయడం వేరు. వీడియో మొదటిదాన్నే సాధన చేయిస్తుంది. షెడ్డులో పని రెండోదానితో. బయటికి తీసే ప్రతి ప్రయత్నమూ ఆ జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. తడుముకుంటూ తీసింది ఇంకా బాగా నిలుస్తుంది.

ఆయన పనిలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక చాలా బళ్ళలో పెట్రోలు ఎంత పోయాలో స్క్రూ కాకుండా ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ తేలుస్తోంది. సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ దానికి కబురు పంపుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే సుమారు 0.1 వోల్టు, పెట్రోలు ఎక్కువైతే 0.8 దాకా. ఇప్పుడొక బండి మైలేజీ పడిపోయిందని వచ్చింది, సెన్సర్ వోల్టేజి తక్కువగానే ఉంటోంది. "వోల్టేజి తక్కువైతే సెన్సర్ పోయినట్టే" అని బట్టీ పట్టినవాడు సెన్సర్ మార్చేస్తాడు, డబ్బు దండగ. అసలు లోపం సెన్సర్‌కి ముందున్న గాస్కెట్ లీకు కావచ్చు. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ కనిపిస్తుంది, ఈసీయూ పెట్రోలు చాల్లేదనుకుని ఇంకా పోస్తుంది. సెన్సర్ నిజమే చెప్పింది.

ఈ గొలుసు మొత్తం తలలోంచి రావాలి. అందుకు వీడియో ఒక్కసారి చూసి, ఫోను పక్కన పెట్టి, కాగితం మీద బొమ్మ గీయాలి: ఏ సెన్సర్ ఎక్కడుంది, ఏం చెబుతుంది, అది తప్పు చెబితే బండి ఎలా ప్రవర్తిస్తుంది. ఆ తర్వాతే వీడియోతో సరిచూసుకోవాలి. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారం దాటాక ఒకసారి ఖాళీ కాగితంతోనే మొదలుపెట్టాలి. షెడ్డులో అయితే స్కానర్ తగిలించే ముందే తన అనుమానం రాసిపెట్టుకోవాలి.

ఈ సరిచూసుకోవడం మానేస్తే మాత్రం ప్రమాదమే, తప్పు ఊహ కూడా అలాగే గట్టిపడుతుంది. కాగితం మీద ఒక్క ముక్కా రాకపోతే తొందరపడ్డట్టు లెక్క, ఇంకోసారి చూడాల్సిందే.

"నేను చూసి నేర్చుకునే రకం, నాకు రాయడం పడదు" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో నేర్చుకునే రకం ఉంటుందనీ, దానికి తగ్గట్టు చెబితే బాగా వస్తుందనీ టీచర్ ట్రైనింగుల్లో కూడా చెబుతుంటారు. దానికి సరైన రుజువు లేదు. మన పాత బడుల్లో పుస్తకం మూయించి పాఠం అప్పజెప్పించుకునేవారు. దాన్ని వట్టి బట్టీ అని కొట్టిపారేశాం. తప్పు అప్పజెప్పించడంలో లేదు, ఎందుకని అడగకపోవడంలో ఉంది.

ఎర్రర్ కోడ్ నంబర్లు కంఠస్థం చేయనక్కర్లేదు. వాటిలో చాలావి కంపెనీని బట్టి మారతాయి, మాన్యువల్ చూస్తే చాలు. కాగితం మీదికి రావాల్సింది కారణాల గొలుసే. రేపు ఎలక్ట్రిక్ స్కూటర్ షెడ్డుకొస్తే ఆక్సిజన్ సెన్సర్ ఉండదు. కానీ ఇంజిన్ వేడి చెప్పే సెన్సర్ లాంటిదే, వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గేది, బ్యాటరీ ప్యాక్‌లోనూ ఉంటుంది. దాని వైరు తెగితే కంట్రోలర్‌కి ఏం కనిపిస్తుందో, అప్పుడు అదేం చేస్తుందో ఏ వీడియో చూడకముందే ఆయన కాగితం మీద రాసి చూసుకోవచ్చు.